ముగ్గురం "కాదు" అన్నాం, మూడు వేరే కారణాలతో

రాత్రి తొమ్మిదిన్నరకి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. దాని కింద మెసేజ్: "సార్, ఈ ఫంక్షన్ 2 దగ్గర కంటిన్యూయస్ కాదనే నాకూ వచ్చింది, అన్నయ్యకీ వచ్చింది. కీలో మాత్రం అవుతుందని ఉంది. కీ తప్పా సార్?"

పంపింది నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే ఇంటర్ ఫస్టియర్ అమ్మాయి. ఫొటోలో ఉన్నది కాలేజీలో ఇచ్చిన మెటీరియల్, అంటే ఎవరో రూళ్ల కాగితం మీద చేత్తో రాస్తే దాన్ని జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌కి మళ్లీ జిరాక్స్ తీసి పంచినది. ట్యూబ్‌లైట్ కింద, మంచం మీద పెట్టి తీసినట్టుంది, పేజీ మధ్యలో ఫోన్ నీడ కూడా పడింది. నేను అన్నం తింటూ చూశాను. చూడగానే జవాబు తట్టింది, ఎడమ చేత్తోనే టైప్ చేసి పంపేశాను: "f(2) ఇవ్వలేదు కదమ్మా, అందుకే కంటిన్యూయస్ కాదు."

అదీ తప్పే. పదిహేనేళ్లుగా ఇవే లెక్కలు చెప్తున్నా ఫొటోలో వచ్చిన లెక్కని చూసి చూడకుండా చేసేయడం అనే జబ్బు నాకింకా పూర్తిగా పోలేదు. మొత్తానికి ఆ అమ్మాయి, వాళ్ల అన్నయ్య, నేను, ముగ్గురం ఒకే జవాబు చెప్పాం. ముగ్గురికీ కలిసింది కాబట్టి కీ తప్పు అనుకుని వదిలేయొచ్చు కూడా, కానీ ఎవరెలా చేశారో అడిగితే ఒక్కరి కారణం ఇంకొకరితో కలవలేదు. ఆ అమ్మాయి మొదటి వరసలో x బదులు 2 వేసింది, 0/0 వచ్చింది, "నాట్ డిఫైన్డ్" అని రాసి ఆపేసింది. బీటెక్ చదువుతున్న అన్నయ్య ఎడమ అవధి 3, కుడి అవధి 7, సమానం కావు అన్నాడు. నేనేమో రెండు అవధులూ 3 అనే అనుకున్నాను, కానీ 2 దగ్గర విలువే లేదన్నాను. అన్నం ప్లేటు పక్కన పెట్టి ఫొటోని పెద్దది చేసి చూసింది అప్పుడు.

ఫొటోలో నాకు ఖచ్చితంగా కనిపించినంత వరకే రాస్తే లెక్క ఇలా ఉంది:

```
f(x) = (x² - x - 2) / (x - 2),    x < 2
f(x) = 5 ? x,                     x ?? 2
```

ప్రశ్నార్థకాలు నేను పెట్టినవి. 5కీ xకీ మధ్య ఉన్నది మైనసో ప్లస్సో తేలలేదు, అడ్డగీత స్పష్టంగానే ఉంది కానీ దాన్ని కోస్తూ నిలువుగా ఒక సన్నని గీత పోతోంది. చివర్లో ఉన్నది > అవ్వచ్చు, ≥ అవ్వచ్చు, ఎందుకంటే కింది గీత ఉండాల్సిన చోటే కాగితం రూళ్లగీత కూడా పడింది. వీటికి తోడు మొదటి వరసలో చివరి 2 కాస్త 7లా ఉంది, రాసినాయన దస్తూరీ అలాంటిది.

ఇలాంటప్పుడు నేను ముందు ఫొటో బాగు చేసుకునే పని పెట్టుకోను. లెక్కనే ముందుకి నడిపిస్తాను. ఏ గుర్తు మారితే జవాబు మారుతుందో, ఏది మారినా ఏమీ కాదో తేలితే ఆ ఒక్క గుర్తు గురించే అడగొచ్చు. లేకపోతే "క్లియర్‌గా పంపమ్మా" అంటాం, అవతల పాపం అదే ట్యూబ్‌లైట్ కింద అదే పేజీని ఇంకో నాలుగుసార్లు తీసి పంపుతారు.

ముందు ఎడమ వైపు. అతికే చోటు x = 2. ఎడమ అవధి అంటే x రెండుకి కింద నుంచి దగ్గరవుతున్నప్పుడు, అంటే 1.9, 1.99 ఇలా వస్తున్నప్పుడు f(x) దేనికి దగ్గరవుతోందన్నది. ఆ విలువలన్నీ x < 2లో పడతాయి కాబట్టి మొదటి వరసే వాడాలి, రెండో వరసతో ఇక్కడ పని లేదు. ఆ అమ్మాయి చేసిన పొరపాటు ఇక్కడిదే. 2 వేస్తే 0/0 వచ్చింది నిజమే, కానీ మొదటి వరస 2 దగ్గర వాడమని ఎవరూ చెప్పలేదు, అది 2 కంటే తక్కువ వాటికే. అవధి అడిగేది 2 చుట్టుపక్కల ఏం జరుగుతోందని. 0/0 వచ్చిందంటే లెక్క అయిపోయిందని కాదు, పైనా కిందా ఒకే కారణాంకం దాక్కుని ఉంది, దాన్ని బయటికి తీయమని అర్థం.

x² - x - 2 = (x - 2)(x + 1). కింద x - 2 ఉంది, x రెండు కాదు కాబట్టి కొట్టేయొచ్చు, మిగిలేది x + 1. x రెండుకి దగ్గరైతే అది 3కి దగ్గరవుతుంది. ఎడమ అవధి 3.

కాలేజీల్లో దీన్నే x = 2 - h, h > 0 అని పెట్టి చేయిస్తారు, అలా చేసినా తప్పేం లేదు. పైన 4 - 4h + h² - 2 + h - 2, అంటే h² - 3h. కింద 2 - h - 2, అంటే -h. భాగిస్తే 3 - h, h సున్నాకి పోతే 3. ఇందులో పిల్లలు జారిపడేది కింద ఉన్న ఆ -h దగ్గర. తొందరలో h అని రాస్తారు, అప్పుడు h - 3 వచ్చి ఎడమ అవధి -3 అవుతుంది, కుడి పక్క 3 వస్తుంది, "సమానం కావు, కంటిన్యూయస్ కాదు" అని రాసి కింద రెండు గీతలు కూడా గీసేస్తారు. దీన్ని పట్టుకోవడానికి ఒక్క సంఖ్య వేసి చూస్తే చాలు. x = 1.9 అయితే పైన 3.61 - 1.9 - 2 = -0.29, కింద -0.1, భాగిస్తే 2.9. x = 1.99 అయితే 2.99. ప్లస్ మూడు వైపు పోతోంది, మైనస్ మూడు వైపు కాదు. ఒకటి రెండు తొమ్మిదులు చాలు, కాలిక్యులేటర్ ఉంది కదా అని 1.999999999999 అని కొట్టకండి, మామూలు పది అంకెల కాలిక్యులేటర్‌లో అన్ని అంకెలు పట్టవు, వచ్చే జవాబుని నమ్మలేం.

ఇప్పుడు ఆ 2, 7 సంగతి. x² - x - 7 అయితే 2 దగ్గర పైన -5 వస్తుంది, కింద సున్నా. అప్పుడు ఎడమ నుంచి వస్తుంటే విలువ ఎక్కడా ఆగకుండా పెరుగుతూ పోతుంది, 1.9 దగ్గరే 50కి పైన ఉంటుంది. అలాంటి లెక్క ఉండకూడదని లేదు. కానీ x - 2 కింద పెట్టి, పైన మూడు పదాల వర్గ సమాసం ఇచ్చారంటే దాదాపు ఎప్పుడూ x - 2 కొట్టేయడానికే ఇస్తారు. పైగా అదే పేజీలో వేరే చోట ఉన్న 2లన్నీ చూశాను, అన్నిటికీ పైతల వంకర అలాగే ఉంది, కింది తోక సగం చెరిగిపోయి ఉంది. x < 2లో ఉన్న 2 కూడా అంతే. దీన్ని 2 అనే తీసుకున్నాను.

కుడి వైపుకి వస్తే, x 2.1, 2.01 ఇలా పైనుంచి దిగుతుంటే రెండో వరస వాడాలి. 5 - x అయితే 2.9, 2.99, కుడి అవధి 3. అదే 5 + x అయితే 7.1, 7.01, కుడి అవధి 7. అన్నయ్యకి 7 ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడ తెలిసింది, లెక్కలో ఆయన తప్పేం చేయలేదు, నిలువుగీతని కూడా ప్లస్‌లో భాగమని చదివాడు అంతే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ రెండు అవధులు తీసేటప్పుడు చివర్లో ఉన్నది >, ≥ రెండిట్లో ఏదని నేను చూడనే లేదు, చూడాల్సిన పనీ లేదు. అవధికి 2 దగ్గర ఏముందో అక్కర్లేదు, కాబట్టి ఆ సమానం గీత ఉన్నా లేకపోయినా రెండు అవధులూ మారవు. అది మార్చగలిగేది f(2)ని మాత్రమే. దాంతో ఏది ముందు అడగాలో తేలిపోతుంది. ప్లస్ అయితే ఎడమ 3, కుడి 7, మధ్యలో 4 అంత గెంతు, ఇక 2 దగ్గర సమానం గీత ఉన్నా లేకపోయినా కంటిన్యూయస్ కాదు, ఆ గీత కోసం కళ్లు చిట్లించుకోవడం దండగ. మైనస్ అయితేనే ఆ గీత కావాలి. అప్పుడు ≥ ఉంటే f(2) = 5 - 2 = 3, ఎడమ, కుడి, విలువ మూడూ కలిశాయి, కంటిన్యూయస్. ఉత్త > ఉంటే రెండు అవధులూ 3 అయినా 2 దగ్గర ప్రమేయం నిర్వచించనే లేదు, గ్రాఫ్‌లో (2, 3) దగ్గర ఒక్క చుక్క ఖాళీ. ఇంటర్ లెక్కలో కంటిన్యూయస్ అనాలంటే f(2) ఉండి తీరాలి కాబట్టి కాదనే రాయాలి. నేను అన్నం తింటూ చెప్పింది ఈ చివరిది.

అన్ని లెక్కల్లోనూ సమానం గీతకి ఇంత విలువ ఉండదు. ఉదాహరణకి ఒక వరస x² + 1, x ≤ 1. ఇంకో వరస 3x - 1, x > 1 అనుకోండి. రెండు వైపులా 2 వస్తుంది. ఇందులో సమానం గీత మొదటి వరస నుంచి రెండో వరసకి మారినా f(1) 2 అవుతుంది, ఎవరి దగ్గరున్నా ఒకటే, ఎక్కడో ఒకచోట ఉంటే చాలు. మన లెక్కలో అలా కాదు, మొదటి వరసకి ఆ గీత ఇవ్వడానికే లేదు, ఇస్తే 2 దగ్గర 0/0 రాయాల్సి వస్తుంది. అంటే f(2) అంటూ ఉంటే అది రెండో వరసలోనే ఉండాలి. ఎప్పుడైనా ఫొటోలో ఇలాంటి భిన్నం పక్కన ≤ కనిపిస్తే కాగితం మీద మరక ఉందేమో అని ముందు అనుమానించండి.

ఇక్కడే ఒక ఆశ పుడుతుంది. కీలో "కంటిన్యూయస్" అని ఉంది, మైనస్, ≥ పెట్టుకుంటే కంటిన్యూయస్ వస్తోంది, కాబట్టి అదే ప్రశ్న అనుకుని పంపేస్తే పని అయిపోతుంది. నేనలా చేయను. 2ని 2గా చదవడానికి కొట్టివేత వాడుకున్నాను కదా, దీనికీ అలాగే చేస్తే తప్పేంటి అనిపించొచ్చు. తేడా ఉంది. x - 2 కింద పెట్టి పైన కొట్టేయలేనిది పెట్టడం అరుదు. కానీ "అవిచ్ఛిన్నమేమో పరీక్షించండి" అన్న ప్రశ్నకి కాదు అనే జవాబు మామూలుగానే వస్తుంది, సగం లెక్కలు అలాగే ఇస్తారు, కాబట్టి జవాబు అందంగా కలిసింది కదా అని గుర్తుని తేల్చకూడదు. ఇక మెటీరియల్ కీలంటారా, అవి చేత్తో రాసినవే, వాటిలో ఒక వరస జారితే కింద పది జవాబులూ పక్క ప్రశ్నవి అవుతాయి.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"ఆ పేజీ ఇప్పుడు నీ దగ్గరుందా అమ్మా?"

"ఉంది సార్."

"5కీ xకీ మధ్య నిలువుగీత ఉంది చూడు. దాని మీద గోరుతో మెల్లగా రాయి. గరుకుగా తగులుతోందా, మడత పడ్డట్టు?"

"లేదు సార్, నున్నగానే ఉంది. నల్లగా అచ్చయినట్టే ఉంది."

నేను మడత తగులుతుందనుకున్నాను, అప్పుడు ఆమె పేజీకి పడ్డ మడతే నీడలా ఫొటోలో వచ్చిందని తేలిపోయేది. నున్నగా ఉందంటే ఆ గీత జిరాక్స్‌లోనే ఉంది, ఇంక చేత్తో తడిమి లాభం లేదు. అయినా ప్లస్ అని ఒప్పుకోవడానికి లేదు, ఎందుకంటే అసలు కాగితం మడతపడి ఉంటే జిరాక్స్ మిషను ఆ మడతని కూడా నల్లగీతగా అచ్చు వేస్తుంది. వేసిందో లేదో ఎలా తెలుస్తుంది? మడత ఒక్క గుర్తు దగ్గర ఆగదు, పేజీ పైనుంచి కిందకి పోతుంది.

"ఒక స్కేలు తీసుకుని ఆ నిలువుగీతకి ఆనించి పెట్టు. పైన, కింద అదే వరసలో ఇంకెక్కడైనా గీత ఉందా?"

కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "సార్, పైన 8వ ప్రశ్నలో రెండు మాటల మధ్య ఖాళీలో కూడా ఉంది. అక్కడ గీత ఎందుకో అర్థం కాలేదు. కింద 10లో బ్రాకెట్ మీద నుంచి పోయింది. అన్నీ ఒకే లైన్‌లో ఉన్నాయి సార్."

మాటల మధ్య ఖాళీలో ప్లస్ ఎవరూ రాయరు. నిలువుగీత మడత, అడ్డగీత ఒక్కటే రాసినాయన పెన్నుది. అంటే 5 - x. చేత్తో రాసిన ప్లస్‌కి ఇంకో ఆనవాలు కూడా ఉంటుంది, నిలువుగీత అడ్డగీతకి పైనా కిందా కొంచెం దూరం పోయి ఆగుతుంది, ఇది ఆగకుండా పై వరసని కూడా తాకింది. ఫొటోని పెద్దది చేసినప్పుడే నేనిది చూసి ఉండాల్సింది, నీడ పడటంతో కనిపించలేదు.

మైనస్ తేలింది కాబట్టి ఇప్పుడు సమానం గీత తేల్చాలి. దీనికి రెండో ఫొటో అడిగాను, ఈసారి పేజీ మొత్తం కాదు, ఆ రెండో వరస ఒక్కటే. ఫ్లాష్ ఆపి, పేజీని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా పుస్తకాలు పెట్టి, ఫోన్‌ని నేరుగా పైన పట్టుకుని, లైటుకి అడ్డం రాకుండా పక్కకి నిలబడి తీయమన్నాను. పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమన్నాను, ఫొటోగా పంపితే వాట్సాప్ సైజు తగ్గిస్తుంది, అలా తగ్గించినప్పుడు ముందు పోయేవి ఇలాంటి సన్నని గీతలే.

ఆ ఫొటోలో చూస్తే రూళ్లగీత లేత బూడిద రంగులో పేజీ అంతా పోతోంది, > గుర్తు కిందకి వచ్చేసరికి మాత్రం ఒక మిల్లీమీటరో రెండో మందంగా, నల్లగా, కుడివైపు కాస్త పైకి లేచినట్టు ఉంది. రూళ్లగీత అలా లేవదు. అయినా నేను "≥ అయ్యుంటుంది" దగ్గరే ఆగాను, ఎందుకంటే జిరాక్స్‌లో ఇంకు ఒకచోట ఎక్కువ పడటం కూడా ఉంటుంది. పొద్దున కాలేజీలో ఫ్రెండ్ పేజీతో పోల్చమన్నాను. మర్నాడు పది గంటలకి మెసేజ్ వచ్చింది, ఫ్రెండ్ పేజీలో రూళ్లగీతలు దాదాపు చెరిగిపోయాయట, > కింద గీత మాత్రం విడిగా కనిపిస్తోందట. ≥ ఖాయం. ఎడమ 3, కుడి 3, f(2) = 3. కీ కరెక్టే, మేం ముగ్గురమే తప్పు.

రాసేటప్పుడు ఆ అమ్మాయి మళ్లీ "LHL = RHL కాబట్టి కంటిన్యూయస్" అని రెండు వరసల్లో తేల్చేసింది. ఒప్పుకోలేదు. f(2) = 5 - 2 = 3 అన్న వరస ఏదీ అన్నాను. ముందు రోజు రాత్రి నేను "కాదు" అన్నది ఆ ఒక్క వరస వల్లే, అది లేకపోతే కంటిన్యూయస్ అయిన లెక్కకీ చుక్క ఖాళీ ఉన్న లెక్కకీ జవాబు పత్రంలో తేడానే కనిపించదు. ఆమె రాసింది చివరికి ఇలా వచ్చింది:

```
x < 2:  f(x) = x + 1,   x → 2⁻ అయితే 3
x > 2:  f(x) = 5 - x,   x → 2⁺ అయితే 3
x = 2:  f(2) = 5 - 2 = 3
```

గ్రాఫ్ కూడా గీయించాను. ఎడమ నుంచి x + 1 ఎక్కుతూ వచ్చి (2, 3) తాకుతుంది, అక్కడి నుంచి 5 - x దిగుతుంది, ఇంటి కప్పులా కొస తేలుతుంది. "కొస ఉంది కదా సార్, అయినా కంటిన్యూయసేనా?" అని అడిగింది. పెన్ను ఎత్తకుండానే గీశావు కదా అన్నాను. కొస వల్ల ఇబ్బంది పడేది అవకలనం, ఎడమ వాలు 1, కుడి వాలు -1, అది తర్వాతి పాఠం.

ఇదంతా అయ్యాక ఆ సాయంత్రం ఇంకో మెసేజ్ వచ్చింది. "సార్, స్కేలు పెట్టి పైకి చూసుకుంటూ పోయాను. 7వ ప్రశ్నలో x ≤ 1 కి x² + 1 అని చేశాను, x > 1 కి 3x - 3. ఎడమ 2, కుడి 0, కంటిన్యూయస్ కాదని రాసేశాను. ఆ ప్లస్ మీద కూడా అదే గీత ఉంది సార్."

x² - 1 అయితే ఎంతొస్తుందో చూడమన్నాను. సున్నా, సున్నా, f(1) కూడా సున్నా. ఈసారి ఫ్రెండ్ పేజీ చూసేదాకా కొట్టేయనని తనే చెప్పింది.